బడ్జెట్‌లో డాలర్ రేటు ఎంత వేసుకోవాలి? వడ్డీ చెప్పే లెక్క, ధరలు చెప్పే లెక్క

2025 అక్టోబర్‌లో మన దేశంలో చిల్లర ధరల ద్రవ్యోల్బణం 0.25 శాతానికి పడిపోయింది. అమెరికాలో అదే సమయంలో ధరలు దాదాపు 3 శాతం చొప్పున పెరుగుతున్నాయి. ధరలు పెరగని దేశపు కరెన్సీ బలపడాలి కదా? ఆ లెక్కన రూపాయి పుంజుకోవాలి. కానీ డిసెంబర్ మొదటి వారంలో డాలర్ 90 రూపాయలు దాటింది.

ఇది వార్తగా చదివి వదిలేసేవాళ్లకు ఇబ్బంది లేదు. హైదరాబాద్‌లో ఆఫీసు ఉన్న విదేశీ కంపెనీల ఫైనాన్స్ విభాగాల్లో మాత్రం ఏటా అక్టోబర్, నవంబర్ వచ్చేసరికి టెన్షన్ మొదలవుతుంది. వచ్చే ఏడాది బడ్జెట్ షీటులో ఒక గడి ఉంటుంది, అందులో డాలర్‌కు ఎన్ని రూపాయలో ఒక అంకె వేయాలి. మిగతా షీటంతా ఆ అంకె మీదే నడుస్తుంది. ఒకరు వడ్డీరేట్ల తేడా చూసి వేద్దామంటారు, ఇంకొకరు ద్రవ్యోల్బణం తేడా చూద్దామంటారు. రెండూ పాఠ్యపుస్తకాల్లో ఉన్న పద్ధతులే, చూస్తే రెండూ సబబుగానే అనిపిస్తాయి. అయినా రెండూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు. గందరగోళమంతా అక్కడే పుడుతోంది.

## ఒక కంపెనీ, ఒక ఏడాది

ఊహాజనితమైన ఒక కంపెనీని తీసుకుందాం. దాని ప్రధాన కార్యాలయం అమెరికాలో ఉంది, హైదరాబాద్‌లో రెండు వేల మంది దాకా పనిచేసే సెంటర్ ఉంది. జీతాలు, అద్దె, బస్సులు, క్యాంటీన్ కలిపి ఏడాది ఖర్చు 300 కోట్ల రూపాయలు, అది నెలనెలా సమానంగా ఖర్చవుతుంది. అమెరికాలోని పెద్దలకు కావాల్సింది డాలర్లలో లెక్క.

ఏడాదిగా 2022ని తీసుకుంటాను. ఆ ఏడాది ఏమైందో ఇప్పుడు మనకు తెలుసు కాబట్టి ఏ పద్ధతి ఎంత తప్పిందో చూసుకోవచ్చు. 2021 డిసెంబర్ చివర్లో డాలర్ సుమారు 74.30 రూపాయలు. అప్పటికప్పుడు కొంటే పడే ఆ ధరను స్పాట్ రేటు అంటారు.

## వడ్డీరేట్ల సమత: డబ్బు రెండు దారుల్లో వెళ్లినా చేరేది ఒకే చోటికి

2021 చివర్లో మన ప్రభుత్వ ఏడాది ట్రెజరీ బిల్లు మీద రాబడి సుమారు 4.3 శాతం. అమెరికా ఏడాది బిల్లు మీద సుమారు 0.4 శాతం. ఇంత తేడా కనిపిస్తే ఎవరికైనా ఒక ఆలోచన వస్తుంది: అమెరికాలో అప్పు చేసి ఇక్కడ పెట్టుబడి పెడితే పోలా?

చేసి చూద్దాం. ఒక డాలర్ అప్పు తెచ్చి మారిస్తే 74.30 రూపాయలు వస్తాయి. 4.3 శాతం వడ్డీతో ఏడాదికి అవి 77.49 అవుతాయి. తిరిగి కట్టాల్సింది 1.004 డాలర్లు. ఏడాది తర్వాత డాలర్ ఎంతుంటుందో తెలియదు కాబట్టి, ఆ రోజు డాలర్లు ఏ ధరకు కొనాలో ఈ రోజే బ్యాంకుతో ఒప్పందం చేసుకుంటాం. అదే ఫార్వర్డ్. ఆ ఫార్వర్డ్ రేటు 75 రూపాయలే అనుకుంటే, చేతికి 1.033 డాలర్లు వస్తాయి, అప్పు తీరగా దాదాపు మూడు సెంట్లు మిగులుతాయి. పది లక్షల డాలర్ల మీద 29 వేల పైచిలుకు, రిస్కు లేకుండా!

అలాంటి అవకాశం ఉంటే బ్యాంకులు చూస్తూ కూర్చోవు. అందరూ ఏడాది తర్వాతి డాలర్లను కొనడానికి ఎగబడతారు, మిగులు కరిగిపోయేదాకా ఫార్వర్డ్ రేటు పెరుగుతుంది. అది ఆగే చోటు ఇదీ:

74.30 × 1.043 ÷ 1.004 = 77.19

స్పాట్‌కు, దీనికి మధ్య తేడా 2 రూపాయల 89 పైసలు. దాన్నే ఫార్వర్డ్ ప్రీమియం అంటారు, డీలర్లు దాన్ని పైసల్లోనే చెప్పుకుంటారు. వడ్డీరేట్ల సమత అంటే ఇంతే. 1923లో జాన్ మేనార్డ్ కీన్స్ దీన్ని స్పష్టంగా రాసి పెట్టారు.

బజారులో అసలు ప్రీమియం ఈ లెక్కకు అచ్చంగా సరిపోదు. రూపాయిని ఎవరైనా, ఎంతైనా సరిహద్దులు దాటించే స్వేచ్ఛ లేదు కాబట్టి పైన చెప్పిన వ్యాపారం అందరికీ అందుబాటులో ఉండదు. దిగుమతిదారులు ఎక్కువగా ఫార్వర్డ్ కొంటున్నారా, ఎగుమతిదారులు ఎక్కువగా అమ్ముతున్నారా, రిజర్వు బ్యాంకు ఫార్వర్డ్ మార్కెట్లో ఏం చేస్తోంది అన్నవి కూడా ప్రీమియాన్ని అటూ ఇటూ లాగుతాయి. 2008 సంక్షోభం తర్వాత యూరో, యెన్ లాంటి స్వేచ్ఛగా తిరిగే కరెన్సీల్లో కూడా ఈ సమత పూర్తిగా కుదరడం లేదు. అందుకే బడ్జెట్ వేసేవాళ్లు సూత్రంతో తంటాలు పడకుండా బ్యాంకును అడిగి ఆ రోజు ఫార్వర్డ్ ధర తీసుకోవడమే మేలు. సూత్రం ఉపయోగం ఆ ధర ఎందుకలా ఉందో అర్థం చేసుకోవడానికే.

## ఏడాది చివరి రేటా, మధ్య రేటా?

ఇక్కడ చాలామంది జారిపడే మెట్టు ఒకటుంది. 77.19 అన్నది ఏడాది చివరి రోజుకు. మన 300 కోట్లు డిసెంబర్ 31న ఒక్కసారి ఖర్చు కావు, జనవరి నుంచి నెలనెలా పోతాయి. కాబట్టి పన్నెండు నెలల ఫార్వర్డ్ రేట్ల సగటు కావాలి. ఖర్చు సమానంగా ఉంటే ఆరు నెలల రేటు దానికి దగ్గరగా ఉంటుంది:

74.30 × 1.0215 ÷ 1.002 = 75.75

ఈ రెండింటి మధ్య తేడా రూపాయిన్నర. 300 కోట్ల మీద అది 7 లక్షల డాలర్ల పైమాటే. పద్ధతుల గురించి గంటల తరబడి వాదించి, చివరికి ఏడాది చివరి రేటును ఏడాదంతటికీ వేసేస్తే ఆ వాదనకు విలువేముంది?

## ఫార్వర్డ్ రేటు జోస్యమా?

77.19 అన్న అంకె రెండు బిల్లుల రాబడి నుంచి వచ్చింది. చమురు ధర, ఎగుమతులు, యుద్ధం, ఏవీ ఆ లెక్కలో లేవు. డాలర్‌ను ఏడాది తర్వాత ఏ ధరకు ఖాయం చేసుకోవచ్చో అది చెబుతుంది. ఏడాది తర్వాత డాలర్ అక్కడే ఉంటుందని చెప్పదు.

అలా ఉంటుందని నమ్మే సిద్ధాంతం వేరే ఉంది. ఒప్పందంతో ఖాయం చేసుకోకపోయినా, వడ్డీ ఎక్కువున్న కరెన్సీ సరిగ్గా ఆ తేడా మేరకు పడిపోతుందని, కాబట్టి ఎక్కువ వడ్డీ వల్ల ఎవరికీ మిగిలేది ఏమీ ఉండదని దాని వాదన. మొదటిదాన్ని కవర్డ్ అని, దీన్ని అన్‌కవర్డ్ అని అంటారు. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి. మొదటిదాని వెనుక లాభం కోసం కాచుకున్న బ్యాంకులున్నాయి. రెండోదాని వెనుక ఉన్నది అంచనా మాత్రమే. 1984లో యూజీన్ ఫామా ప్రధాన కరెన్సీల మీద చేసిన పరిశీలనలో, ఎక్కువ వడ్డీ కరెన్సీలు ఫార్వర్డ్ సూచించినంతగా పడకపోగా తరచుగా ఎదురు దిశలో కదిలాయని తేలింది.

అందుకే తక్కువ వడ్డీకి అప్పు చేసి ఎక్కువ వడ్డీ దగ్గర పెట్టేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. ప్రశాంతంగా ఉన్నన్నాళ్లూ వాళ్లు ఆ తేడా తింటారు. తర్వాత ఏదో ఒక ఏడాది తిన్నదంతా కక్కిస్తుంది. 2013 మే మొదట్లో 54 రూపాయల దగ్గరున్న డాలర్, అమెరికా ఫెడరల్ రిజర్వు నోట్ల ముద్రణ తగ్గించవచ్చన్న మాట పుట్టాక ఆగస్టు 28 నాటికి 68 దాటింది. ఆ ముందరి ఏప్రిల్‌లో ఫార్వర్డ్ ప్రీమియం చూసినవాళ్లెవరికీ ఇది కనిపించే అవకాశమే లేదు.

## కొనుగోలు శక్తి సమత: క్షౌరం ధర, బియ్యం ధర

రెండో పద్ధతి వడ్డీని వదిలేసి ధరలను చూస్తుంది. స్వీడన్ ఆర్థికవేత్త గుస్తావ్ కాసెల్ 1918లో దీనికి పేరు పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక్కో దేశంలో ధరలు ఒక్కో రకంగా పెరిగిపోయి, పాత మారకం రేట్లకు అర్థం లేకుండా పోయిన రోజులవి.

ఇందులోనూ రెండు రూపాలున్నాయి. మొదటిది: ఒకే బుట్టెడు సరుకులు రెండు దేశాల్లో ఒకే ధర పడేలా మారకం రేటు ఉండాలి. ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో జరిగే ధరల సర్వే ప్రకారం 2017లో అమెరికాలో ఒక డాలర్‌కు వచ్చేది మన దేశంలో 20.65 రూపాయలకే వచ్చింది. అదే ఏడాది బజారులో డాలర్ సగటున 65.12 రూపాయలు. "రూపాయి అసలు విలువ డాలర్‌కు ఇరవయ్యే" అని తిరిగే సందేశాలకు మూలం ఇలాంటి అంకెలే. అమెరికాలో ఉన్న కొడుకు జీతాన్ని ఇక్కడి జీతంతో పోల్చి చూసుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది, రేపటి మారకం రేటు చెప్పడానికి పనికిరాదు.

కారణం సులభం. దిల్‌సుఖ్‌నగర్‌లో క్షౌరం చౌక అని డాలస్ నుంచి ఎవరూ విమానం ఎక్కి రారు. బియ్యం, ఉక్కు, మందులు సరిహద్దులు దాటతాయి కాబట్టి వాటి ధరలు కొంతవరకు దగ్గరవుతాయి. క్షౌరం, ఇంటి అద్దె, ఆటో చార్జీ దాటవు. ఎగుమతి పరిశ్రమలో ఉత్పాదకత తక్కువగా ఉన్న దేశంలో జీతాలు తక్కువ, జీతాలు తక్కువైతే ఇలాంటి సేవలన్నీ చౌక. 1964లో బేలా బలాస్సా, పాల్ శామ్యూల్సన్ వేర్వేరుగా ఈ మాట చెప్పారు. పేద దేశం ధనిక దేశాన్ని అందుకునేదాకా 20కి, 65కి మధ్య దూరం ఉంటూనే ఉంటుంది.

బడ్జెట్ వాళ్లు వాడేది రెండో రూపం. ధరల స్థాయి ఎంతున్నా సరే, మారకం రేటులో మార్పు రెండు దేశాల ద్రవ్యోల్బణం తేడాను అనుసరిస్తుందని అది అంటుంది. 2016 నుంచి మన రిజర్వు బ్యాంకుకు అధికారిక లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ రెండు శాతం వెసులుబాటుతో. అమెరికా ఫెడరల్ రిజర్వు లక్ష్యం 2 శాతం. ఇద్దరూ మాట నిలబెట్టుకుంటే రూపాయి ఏటా సుమారు 2 శాతం బలహీనపడాలి. 2022 సగటు కోసం 74.30కి అందులో సగం, అంటే ఒక శాతం కలిపితే 75.04 వస్తుంది.

## పదేళ్లకు ఫర్వాలేదు, ఏడాదికి కాదు

పదేళ్ల కాలం తీసుకుని చూస్తే ఈ పద్ధతి ఎక్కడ నిలబడుతుందో తెలుస్తుంది. 2013 చివరి నుంచి 2023 చివరి దాకా మన చిల్లర ధరల సూచీ సుమారు 62 శాతం, అమెరికా సూచీ సుమారు 32 శాతం పెరిగాయి. 2013 చివర్లో డాలర్ దాదాపు 62 రూపాయలు. 62ను 1.62తో గుణించి 1.32తో భాగిస్తే 76 వస్తుంది. నిజంగా వచ్చింది 83. దిశ సరే, పరిమాణం కూడా మరీ దూరం కాదు, అయినా పదేళ్లకు ఏడు రూపాయలు తక్కువ చెప్పింది.

ఇప్పుడు 2022 ఒక్కదాన్నే చూడండి. ఆ ఏడాది డిసెంబర్ నాటికి మన ద్రవ్యోల్బణం 5.7 శాతం, అమెరికాలో 6.5 శాతం. అంటే ద్రవ్యోల్బణాన్ని ముందే దివ్యదృష్టితో చూసినవాడు కూడా, ఈ సూత్రం వాడితే రూపాయి కొంచెం బలపడుతుందనే చెప్పేవాడు. రూపాయి మాత్రం 74.30 నుంచి 82.70 దాకా పడింది. ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలై చమురు మండింది, ఫెడరల్ రిజర్వు సున్నా దగ్గరున్న వడ్డీని డిసెంబర్‌కల్లా నాలుగు శాతం దాటించింది. పెట్టుబడులు వెనక్కి మళ్లాయి.

ఒక దేశపు కరెన్సీ ఈ సమతకు దూరమైతే, ఆ దూరంలో సగం తగ్గడానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుందని ఆర్థికవేత్త కెన్నెత్ రోగాఫ్ 1996లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను క్రోడీకరించి చెప్పారు. పన్నెండు నెలల బడ్జెట్‌కు అంత ఓపిక లేదు. దీనికి ఒక మినహాయింపు, ధరలు అదుపు తప్పిన దేశాలు. అర్జెంటీనాలో 2023లో ద్రవ్యోల్బణం 200 శాతం దాటింది. ప్రభుత్వం పెసోను నెలల తరబడి బిగించి ఉంచి, డిసెంబర్‌లో ఒక్క దెబ్బకు డాలర్‌కు 800కు వదిలేసింది. అలాంటి చోట ఏడాదికి కూడా ధరల లెక్కే ముందు చూడాలి. అధికారిక రేటు కదలకుండా నిలబడి ఉందంటే అది ధైర్యం చెప్పే విషయం కాదు.

## 300 కోట్లు ఎన్ని డాలర్లు అయ్యాయి?

మన కంపెనీ దగ్గరికి తిరిగొద్దాం.

| 2022 బడ్జెట్‌కు వాడిన రేటు | రూపాయలు | 300 కోట్లు, డాలర్లలో |
|---|---|---|
| స్పాట్, మార్చకుండా | 74.30 | 4.04 కోట్లు |
| ద్రవ్యోల్బణ లక్ష్యాల తేడా, సగటు | 75.04 | 4.00 కోట్లు |
| వడ్డీ లెక్క, సగటు | 75.75 | 3.96 కోట్లు |
| వడ్డీ లెక్క, ఏడాది చివర | 77.19 | 3.89 కోట్లు |
| నిజంగా నమోదైన సగటు | 78.60 | 3.82 కోట్లు |

అన్నీ ఒకే వైపు తప్పాయి. అందరికంటే దగ్గరగా వచ్చింది, పైన మనం తప్పని చెప్పుకున్న ఏడాది చివరి రేటు. ఇలాంటిది చూసి "అయితే ఇకనుంచి ఇదే వాడదాం" అనేవాళ్లుంటారు. వాళ్లకు మరుసటి ఏడాది చూపించాలి. 2022 చివర్లో స్పాట్ 82.70. మన బిల్లు దాదాపు 6.9 శాతం, అమెరికాది 4.7 శాతం. వడ్డీ లెక్కలో 2023 సగటు 83.60 దగ్గరికి, ద్రవ్యోల్బణ లెక్కలో 83.50కి వస్తాయి. నిజంగా సగటు 82.60. ఈసారి నెగ్గింది ఏమీ మార్చకుండా ఉంచేసిన స్పాట్.

ఇది మన అదృష్టం మీద ఆధారపడ్డ విషయం కాదు. 1983లో రిచర్డ్ మీస్, రోగాఫ్ కలిసి అప్పటి పెద్ద పెద్ద మారకం రేటు నమూనాలను పరీక్షించి, ఏడాది లోపు కాలానికి అవేవీ "నేటి రేటే రేపటి రేటు" అన్న ఊహను ఓడించలేకపోతున్నాయని చూపించారు. నమూనాలకు తర్వాత జరిగిన అసలు అంకెలు అందించినా అంతే. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు అక్కడక్కడ బెత్తెడు ముందుకు జరిగాయి తప్ప ఆ మాటను పూర్తిగా తోసేయలేకపోయాయి.

## మూడు పక్షాల వాదన

అయితే స్పాట్ వేసేస్తే సరిపోతుందా? జోస్యమే పందెమైతే అవును. బడ్జెట్ పని అది ఒక్కటే కాదు. స్పాట్ పక్షం వాళ్ల బలం, ఎవరి అభిప్రాయం కలవని అంకె కావడం. వాళ్ల బలహీనత, ఆ రేటుకు వచ్చే సెప్టెంబర్‌లో రూపాయలు ఇస్తామనే బ్యాంకు ఉండకపోవడం.

కంపెనీలో నగదు, కరెన్సీ వ్యవహారాలు చూసే ట్రెజరీ విభాగం వాళ్లు ఫార్వర్డ్ అంటారు. మన కంపెనీ 2021 డిసెంబర్‌లోనే పన్నెండు నెలల డాలర్లను ఫార్వర్డ్‌లో అమ్మేసి ఉంటే 3.96 కోట్ల ఖర్చు రాతకోతలతో ఖాయమయ్యేది. తర్వాత రూపాయి 82కు పడ్డప్పుడు 14 లక్షల డాలర్లు ఆదా చేసుకునే వీలు పోయేది, నిజమే. కానీ బడ్జెట్ తప్పేది కాదు. నాకు ఈ వాదనే గట్టిగా కనిపిస్తుంది, ఒక షరతుతో: నిజంగా హెడ్జింగ్ చేసే, అంటే రేటును ముందే ఖాయం చేసుకునే కంపెనీకే ఇది వర్తిస్తుంది. ఏమీ ఖాయం చేసుకోకుండా ఫార్వర్డ్ రేటు మాత్రం గడిలో వేసుకుంటే, అది అన్‌కవర్డ్ సమతను నమ్మినట్టే, ఆ సంగతి వేసినవాళ్లకు తెలియకపోయినా.

లెస్సార్డ్, లోరాంజ్ అనే పరిశోధకులు 1977లో ఇంకో కోణం తీశారు. హైదరాబాద్ సెంటర్ అధిపతి చేతిలో మారకం రేటు లేదు. కాబట్టి బడ్జెట్ వేసేటప్పుడు, ఏడాది చివర పనితీరు తూచేటప్పుడు రెండుసార్లూ ఒకే ముందస్తు రేటు వాడి, మిగిలిన తేడాను ట్రెజరీ ఖాతాలో వేయాలన్నారు. అలా చేయకపోతే, 2022లో ఆ సెంటర్ వాళ్లు ఏమీ పొదుపు చేయకుండానే 14 లక్షల డాలర్లు మిగిల్చినట్టు కనిపిస్తుంది. ఆ చప్పట్లు అందుకున్నవాళ్లకు రూపాయి బలపడ్డ ఏడాది తిట్లూ తప్పవు.

## ఐదేళ్ల ప్రణాళికలో జరిగే రెట్టింపు లెక్క

ఏడాది దాటితే కథ మారుతుంది. ఐదేళ్ల దూరానికి ఫార్వర్డ్ దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. అక్కడ ధరల లెక్క పనికొస్తుంది, ముఖ్యంగా షీటు లోపలే ఉన్న ఒక వైరుధ్యాన్ని పట్టుకోవడానికి.

మన సెంటర్ ఖర్చులు ఏటా 9 శాతం పెరుగుతాయని రాశారనుకుందాం. ఐదేళ్లకు 300 కోట్లు 462 కోట్లు అవుతాయి. చాలా షీట్లలో డాలర్‌ను మాత్రం 74.30 దగ్గరే కట్టేస్తారు, "రేటు గురించి మనం ఊహాగానాలు చేయం" అని. అప్పుడు ఖర్చు 6.2 కోట్ల డాలర్లు. ద్రవ్యోల్బణ లక్ష్యాల తేడా ప్రకారం ఏటా 2 శాతం పోనిస్తే డాలర్ 82 అవుతుంది, ఖర్చు 5.6 కోట్లు. రూపాయి పదేళ్ల అసలు చరిత్ర ప్రకారం 3 శాతం పోనిస్తే డాలర్ 86, ఖర్చు 5.4 కోట్లు. 80 లక్షల డాలర్లకు పైగా తేడా! హైదరాబాద్ ఖరీదైపోయింది, ఇంకో దేశం చూసుకుందామా అన్న చర్చ ఈ ఒక్క గడి వల్ల మొదలు కావచ్చు. జీతాల వరుసలో భారత ద్రవ్యోల్బణాన్ని ఒప్పుకుని, మారకం రేటు వరుసలో అది లేదన్నట్టు ప్రవర్తించడమే ఇక్కడి తప్పు.

దీన్ని అతిగా సరిదిద్దడం కూడా తప్పే. జీతాలు 9 శాతం పెరుగుతున్నాయి కాబట్టి రూపాయి కూడా అంత పడుతుందనుకోకూడదు. సమతలోకి వెళ్లేది దేశం మొత్తం ధరల పెరుగుదల, ఒక కంపెనీ ఇంజినీర్ల జీతాలు కాదు. 9 లోంచి 2 లేదా 3 పోగా మిగిలే ఆరేడు శాతం, డాలర్లలో కూడా నిజంగా పెరిగే ఖర్చే. బలాస్సా, శామ్యూల్సన్ చెప్పిన అందుకోవడం ఈ ఆరేడు శాతంలోనే జరుగుతోంది.

షీటు ముందుకొస్తే నేను మొదట చూసేది ఈ రెండు వరుసలనే: జీతాల పెంపులో ఏ ద్రవ్యోల్బణం దాగుంది, రేటు వరుసలో ఏ ద్రవ్యోల్బణం దాగుంది. అవి రెండూ ఒకే దేశం గురించి మాట్లాడుతున్నట్టు కనిపిస్తే, 2 వేశారా 3 వేశారా అన్నది తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు.